చెయ్యి లేని ఓటు

“సభ్యులు స్వయంగానూ ప్రాక్సీల ద్వారానూ కలిపి 16 మంది హాజరయ్యారు. కోరం ఉన్నందున అధ్యక్షులు సభను ప్రారంభించారు.”

చిన్న కంపెనీల మినిట్స్ పుస్తకాల్లో ఈ తరహా వాక్యం తరచూ తగులుతుంది. పైకి చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ పదహారులో ప్రాక్సీలు ఐదని తెలిస్తే, కలపకూడని రెండు అంకెల్ని కలిపేశారని అర్థమవుతుంది. స్వయంగా వచ్చిన సభ్యుడినీ, మరొకరి తరఫున కాగితం పట్టుకొచ్చిన మనిషినీ కంపెనీల చట్టం ఒకే కాటాలో తూచదు. ప్రాక్సీ ఒకచోట పూర్తిగా సున్నా, ఇంకోచోట లక్ష ఓట్లు. ఎక్కడ ఏమిటో తేలేలా రాయడమే మినిట్స్‌లో అసలు పని.

లెక్క చేతికందేలా ఒక కంపెనీని ఊహించుకుందాం. షేర్ మార్కెట్లో లేని పబ్లిక్ కంపెనీ. సభ్యులు నలభై మంది, పది రూపాయల షేర్లు 10 లక్షలు. మంగళవారం ఉదయం 11 గంటలకు వార్షిక సర్వసభ్య సమావేశం. కంపెనీ పేరు మార్చాలన్నది అజెండాలో ఉంది. పేరు మార్పుకు ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేకంగా పడినవాటికి కనీసం మూడింతలు ఉండాలి.

రాలేని సభ్యుడు తన బదులు ఇంకొకరిని పంపుకొనే హక్కు 2013 కంపెనీల చట్టం 105వ సెక్షన్‌లో ఉంది. ఎంజీటీ-11 అనే ఫారం నింపి, రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టి, తేదీ వేసి సభకు 48 గంటల ముందే కంపెనీకి చేర్చాలి. మన కంపెనీకి ఆ గడువు ఆదివారం ఉదయం 11 గంటలు. సెలవు రోజే అయినా ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చుని ఫారాలు తీసుకోవాల్సిందే. వచ్చిన ప్రతి ఫారాన్నీ వచ్చిన వరుసలోనే ప్రాక్సీల రిజిస్టర్‌లో ఎక్కించాలి. తిరస్కరిస్తే కారణం ఆ వరుసకెదురుగా రిమార్కుల గడిలో రాయాలి. నన్నడిగితే సభ రోజున తలెత్తే తగవుల్లో సగం ఈ ఒక్క గడి సరిగా నింపితే పుట్టవు.

మన కంపెనీకి తొమ్మిది ఫారాలు వచ్చాయి. ఒకటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి చేరింది, చెల్లదు. ఒకదానిమీద తేదీ లేదు, అదీ చెల్లదు. ఒక సభ్యుడు మొదట బావమరిది పేరిట ఒక ఫారం, మనసు మార్చుకుని రెండు రోజుల తర్వాత స్నేహితుడి పేరిట ఇంకోటి పంపాడు. తర్వాతి తేదీదే నిలుస్తుంది, ముందుది రద్దు. రెండింటి మీదా ఒకే తేదీ ఉండి సమయం రాయకపోయి ఉంటే రెండూ పోయేవి. మరో సభ్యుడు ప్రాక్సీని పంపుతున్నానన్నవాడు కాస్తా సభ రోజున తానే వచ్చి కూర్చున్నాడు. ఆయన వచ్చి, ప్రాక్సీ కూడా వస్తే ఆ ప్రాక్సీ దానంతటదే రద్దవుతుంది. ఆయన 25,000 షేర్లు ఆయనవే. ఇలా నాలుగు పోగా మిగిలినవి ఐదు, వాటి కింద షేర్లు 2,10,000.

ఈ ఐదు ఫారాలూ పట్టుకొచ్చినవాళ్ళు ముగ్గురే. ఒకామె ముగ్గురు సభ్యుల తరఫున 90,000 షేర్లతో వచ్చింది. మిగతా ఇద్దరూ చెరొక సభ్యుడి తరఫున 60,000 చొప్పున. ఒక మనిషి 50 మంది సభ్యులకు మించి, లేదా మొత్తం ఓటింగ్ షేర్లలో పది శాతానికి మించి ప్రాక్సీగా ఉండకూడదు. మన కంపెనీలో పది శాతమంటే లక్ష షేర్లు కాబట్టి ముగ్గురూ హద్దులోనే ఉన్నారు. పది శాతానికి మించి ఉన్న సభ్యుడు ఒకే ప్రాక్సీని పెట్టుకోవచ్చు గానీ, ఆ ప్రాక్సీ ఇంకెవరి తరఫునా ఉండకూడదు.

స్వయంగా వచ్చిన సభ్యులు 11 మంది. అందులో ఒకరు మనిషి కాదు, మరో కంపెనీ. దాని బోర్డు తీర్మానం చేసి ఒక ప్రతినిధిని పంపింది. ఆయన ప్రాక్సీ కాదు. 113వ సెక్షన్ కింద ఆయన స్వయంగా వచ్చిన సభ్యుడితో సమానం, మాట్లాడవచ్చు, చెయ్యెత్తవచ్చు. ఆ కంపెనీయే ఎంజీటీ-11 పంపి ఉంటే వచ్చినాయన నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చేది. వచ్చిన మనిషి ఒక్కడే, తెచ్చిన కాగితాన్ని బట్టి హోదా మారిపోతుంది. ఇక 90,000 షేర్ల ప్రాక్సీగా వచ్చినామె స్వయంగా కూడా సభ్యురాలే, ఆ పదకొండు మందిలో ఒకరు. కాబట్టి హాల్లో సభ్యులూ ప్రాక్సీలూ కలిపి తలలు లెక్కిస్తే 13. “16 మంది హాజరు” అని రాస్తే అది తలల లెక్కా కాదు, కోరం లెక్కా కాదు.

కోరానికి స్వయంగా వచ్చిన సభ్యులే లెక్క. సభ్యులు వెయ్యికి మించని పబ్లిక్ కంపెనీకి ఐదుగురు చాలు. నలుగురు సభ్యులూ ఇరవై మంది ప్రాక్సీలూ వస్తే కోరం లేదు. అరగంట చూసి, అప్పటికీ ఐదో సభ్యుడు రాకపోతే మామూలుగా సభ వచ్చే వారానికి వాయిదా పడుతుంది. అందుకే కంపెనీ సెక్రటరీలు పాటించాల్సిన ఎస్ఎస్-2 ప్రమాణం ఈ అంకెల్ని విడివిడిగా రాయమంటుంది. మన మినిట్స్‌లో ఇలా ఉండాలి:

“స్వయంగా హాజరైన సభ్యులు, అధీకృత ప్రతినిధి ఒకరితో కలిపి, 11 మంది. చెల్లుబాటైన ప్రాక్సీలు 5, వాటి కింద షేర్లు 2,10,000. స్వయంగా హాజరైన సభ్యులతో కోరం ఉన్నట్టు అధ్యక్షులు ప్రకటించారు.”

ప్రాక్సీల పేర్లు ఇక్కడ అక్కర్లేదు, అవి రిజిస్టర్‌లో ఉంటాయి. తిరస్కరించినవాటి కథ కూడా అక్కడే.

పేరు మార్పు తీర్మానాన్ని ఒక సభ్యుడు ప్రతిపాదించాడు, ఇంకొకరు బలపరిచారు. ప్రాక్సీకి సభలో మాట్లాడే హక్కు లేదు కనుక ఈ రెండుచోట్లా ప్రాక్సీ పేరు కనిపించకూడదు. అధ్యక్షులు చేతులెత్తమన్నారు. చేతుల ఓటింగ్‌లో మనిషికొక ఓటు. పది షేర్లవాడి చెయ్యీ లక్ష షేర్లవాడి చెయ్యీ ఒకటే. ప్రాక్సీకి అసలు చెయ్యే లేదు. నలుగురి తరఫున ఇక్కడున్నానని ఎవరైనా నాలుగుసార్లు చెయ్యెత్తితే ఒక్కటీ లెక్కకు రాదు. మనామె సభ్యురాలు కాబట్టి తన సొంతానికి ఒకసారి ఎత్తింది. అనుకూలం 9, వ్యతిరేకం 2. రెండుకు మూడింతలంటే ఆరు, తీర్మానం నెగ్గింది.

అధ్యక్షులు ఫలితం చదువుతుండగా 60,000 షేర్ల ప్రాక్సీ ఒకాయన లేచి పోల్ కావాలన్నాడు. మాట్లాడే హక్కు లేనివాడు లేచాడేమిటని ఒకరిద్దరు గొణిగారు కానీ, ఆయనకు ఆ హక్కుంది. మొత్తం ఓటింగ్ బలంలో పదో వంతు గానీ, 5 లక్షల రూపాయలు చెల్లించిన షేర్లు గానీ ఉన్న సభ్యులు, స్వయంగా వచ్చినా ప్రాక్సీ ద్వారా వచ్చినా, 109వ సెక్షన్ కింద పోల్ కోరవచ్చు. చేతుల ఓటింగ్ ఫలితం ప్రకటించడానికి ముందో, ప్రకటించేటప్పుడో కోరాలి. ఆయన చేతిలో ఉన్నవి 6 లక్షల రూపాయల షేర్లు. చేతులెత్తినప్పుడు సున్నాగా ఉన్నవాడు ఒక్క మాటతో ఓటింగ్ పద్ధతినే మార్చేశాడు.

పోల్‌ను 48 గంటల్లోపు జరపాలి. మన అధ్యక్షులు అక్కడికక్కడే జరిపించారు. ఓట్ల పరిశీలనకు ఒక స్క్రూటినైజర్‌ను నియమించి సభ్యుల రిజిస్టర్, హాజరు పట్టీ, ప్రాక్సీల రిజిస్టర్ ఆయన ముందు పెట్టారు. ఇప్పుడు షేరుకొక ఓటు. గదిలో వేయగలిగిన ఓట్లు సభ్యులవి 4,20,000, ప్రాక్సీలవి 2,10,000, కలిపి 6,30,000. ఈ మొత్తాన్ని స్క్రూటినైజర్ ముందే రాసి పెట్టుకోవాలి.

సభ్యుల్లో అనుకూలం 3,20,000, వ్యతిరేకం 70,000. 10,000 షేర్ల పోలింగ్ కాగితం ఒకదానికి సంతకం లేదు, అది చెల్లలేదు. 20,000 షేర్లాయన చెయ్యెత్తి, పోల్ దాకా ఉండకుండా బస్సుకు వెళ్ళిపోయాడు. ప్రాక్సీల్లో 90,000 అనుకూలం, 1,20,000 వ్యతిరేకం. కూడితే అనుకూలం 4,10,000, వ్యతిరేకం 1,90,000. లక్షా తొంభై వేలకు మూడింతలు 5,70,000. తీర్మానం వీగిపోయింది. ప్రాక్సీల ఓట్లు లేకుండా సభ్యులవే చూస్తే 70,000కు మూడింతలు 2,10,000 కాబట్టి సునాయాసంగా నెగ్గేది. ఇదే సాధారణ తీర్మానమైతే ఇవే ఓట్లతో నెగ్గేది, అక్కడ అనుకూలం ఎక్కువైతే చాలు.

పొరపాట్లు రెండుచోట్ల జరుగుతాయి. ఒకటి శాతం కట్టేటప్పుడు. 4,10,000ను మొత్తం 10 లక్షల షేర్లతో భాగించి 41 శాతమని రాసేస్తుంటారు. లెక్కకొచ్చేవి పడిన, చెల్లిన ఓట్లే. 6,00,000లో 4,10,000 అంటే 68.33 శాతం. ఇంట్లో ఉన్నవాళ్ళూ బస్సెక్కినాయనా చెల్లని కాగితమూ ఏ పక్షానా లేరు.

రెండోది ఇంకా చెడ్డది, ఒకే షేరుకు రెండుసార్లు ఓటు పడటం. తానే వచ్చిన ఆ 25,000 షేర్లాయన కాగితం ఒకటి, రద్దయిన ఆయన ప్రాక్సీ కాగితం ఒకటి, రెండూ డబ్బాలో పడితే ఎలా తెలుస్తుంది? మన లెక్కలో పడినవి, చెల్లని 10,000తో కలిపి, 6,10,000. దానికి 25,000 తోడైతే 6,35,000. గదిలో ఉన్నవే 6,30,000 కదా! ముందే రాసి పెట్టుకున్న అంకె ఇక్కడ పట్టిస్తుంది. ఇంకో ఇద్దరు ఓటెయ్యకుండా వెళ్ళిపోయి ఉంటే మాత్రం తేడా అందులో దాక్కునేది. అందుకని మొత్తం సరిపోయినా ప్రతి ప్రాక్సీ కాగితాన్నీ హాజరు పట్టీతో పోల్చి చూడక తప్పదు.

స్క్రూటినైజర్ నివేదిక వారం లోపు అధ్యక్షుల చేతికి రావాలి. మినిట్స్‌లో ఆయన పేరూ, అనుకూలం 4,10,000, వ్యతిరేకం 1,90,000, చెల్లనివి 10,000 అన్న అంకెలూ ఎక్కుతాయి. చేతుల ఓటింగ్‌లో 9–2తో నెగ్గిన సంగతి, పోల్ కోరిన సంగతి కూడా రాస్తే చదివేవాడికి కథ తెగదు, కానీ సభ నిర్ణయం మాత్రం పోల్ ఫలితమే. సభ ముగిసిన 30 రోజుల్లోపు ఇదంతా పుస్తకంలోకెక్కి అధ్యక్షుల సంతకం పడాలి. ఏ సభ్యుడైనా రిజిస్టర్డ్ ఆఫీసుకు వెళ్ళి ఆ పుస్తకాన్ని పైసా కట్టకుండా చూడవచ్చు.

షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీల్లో ఈ చేతుల ఘట్టం ఉండదు, అక్కడ ఈ-ఓటింగ్ తప్పనిసరి. 2020లో కోవిడ్ వేళ వీడియోలో సభలకు అనుమతిచ్చినప్పుడు, ఇంట్లోంచే హాజరు కాగల సభ్యుడికి బదులు మనిషెందుకని అలాంటి సభల్లో ప్రాక్సీల సదుపాయమే తీసేశారు. బోర్డు తీర్మానంతో వచ్చే కంపెనీ ప్రతినిధి మాత్రం తెరమీదా ఉన్నాడు.