వాయిదా ఒకటే, వడ్డీ మూడు రకాలు

ఒక ఆటో నగదు ధర 3,00,000 రూపాయలు. అద్దె కొనుగోలు పద్ధతిలో తీసుకున్న డ్రైవరు ముందుగా 60,000 కట్టి, తర్వాత ఏడాదికి 96,000 చొప్పున మూడు వాయిదాలు కడతాడు. అంటే మొత్తం 3,48,000. నగదు ధరకు మించిన ఆ 48,000 వడ్డీ.

దీన్ని మూడేళ్లకు 16,000 చొప్పున సమానంగా పంచేయడమే చాలామంది చేసే పొరపాటు. మొదటి ఏడాది అప్పు పెద్దది, కాబట్టి వడ్డీ కూడా పెద్దదే కావాలి. వడ్డీ రేటు చెప్పనప్పుడు, ప్రతి వాయిదాకు ముందు చెల్లించాల్సి ఉన్న మొత్తాలను చూస్తారు: 2,88,000, 1,92,000, 96,000. వాటి నిష్పత్తి 3:2:1. ఆ లెక్కన వడ్డీ వరుసగా 24,000, 16,000, 8,000. వాయిదాలో మిగిలిన 72,000, 80,000, 88,000 అసలుకు జమ అవుతాయి.

యాజమాన్యం చివరి వాయిదాతో గానీ డ్రైవరుకు దక్కదు. అయినా ఆటోను వాడుకునేది అతనే గనుక, పూర్తి నగదు ధర పద్ధతిలో అతని పుస్తకాల్లో అది మొదటి రోజే 3,00,000 ఆస్తిగా చేరుతుంది. తరుగుదల కూడా దానిమీదే, 3,48,000 మీద కాదు. వడ్డీ విడిగా ఏ ఏటి ఖర్చు ఆ ఏడాదికే పడుతుంది.

అమ్మినవారి పుస్తకాల్లో ఇదే అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. అమ్మకం 3,00,000. మొదటి ఏటి వడ్డీ ఆదాయం 24,000 మాత్రమే. 48,000 మొత్తాన్నీ అప్పుడే చూపిస్తే ఇంకా సంపాదించని లాభాన్ని రాసుకున్నట్టే.

లెక్క సరిపోయిందా అన్నది అమ్మకందారు ఖాతాలో తెలుస్తుంది. బాకీ 2,40,000 నుంచి 1,68,000కు, అక్కణ్ణుంచి 88,000కు దిగి, మూడో వాయిదాతో సున్నా కావాలి. ఏమైనా మిగిలితే వడ్డీ, అసలు విడదీయడంలో తప్పు వెతకాలి.