వెలుతురు తక్కువ హాలుకు ఏ రంగు?

పక్క అపార్ట్‌మెంట్ అడ్డొచ్చి ఎండ పడని హాలుకు చాలామంది తెల్లరంగు ఎంచుకుంటారు. కానీ గోడ తనపై పడిన వెలుతురునే తిప్పి పంపగలదు. ఆ వెలుతురే తక్కువైతే తెలుపు మాసినట్టు, బూడిదరంగులో కనిపిస్తుంది. అందుకే పసుపు ఛాయ ఉన్న మీగడ రంగు, లేత గంధం రంగు ఇలాంటి గదికి నప్పుతాయి. సీలింగ్‌కు మాత్రం తెలుపే మేలు.

షేడ్ కార్డులోని చిన్న ముక్కను చూసి నిర్ణయించకూడదు. రెండడుగుల అట్టకు రెండు పూతలు వేసి, ఆరాక కిటికీ పక్కన, లోపలి మూలలో గోడకు ఆనించి చూడాలి. పగలు ఒకసారి, రాత్రి లైటు వేసి మరోసారి చూడాలి. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద మీగడ రంగు పాలిపోతుంది. 3000 కెల్విన్ బల్బు కింద పసుపుదనం పెరుగుతుంది. పగటిపూట మూలలో రంగు మురికిగా అనిపిస్తే అదే వరుసలో ఒక మెట్టు లేత షేడ్ తీసుకోవాలి.