ముందే అప్పు తీరిస్తే పన్ను మినహాయింపు ఎంత పోతుంది?

చేతికి బోనస్ వచ్చినప్పుడు ఇంటి లోన్‌లో కొంత కట్టేద్దామంటే, ఆఫీసులో ఎవరో ఒకరు అడ్డుపడతారు. "వద్దండీ, ట్యాక్స్ బెనిఫిట్ పోతుంది" అంటారు. పోయే మాట నిజమే. అయితే ఎంత పోతుందో, ఎప్పుడు పోతుందో లెక్క కట్టి చెప్పేవాళ్లు తక్కువ.

ఒక లెక్క చూద్దాం. లోన్ బాకీ 30 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఇంకా 15 ఏళ్లు ఉంది. ఈఎంఐ సుమారు 29,540 రూపాయలు. ఇంటి యజమాని అందులోనే ఉంటున్నాడు, పాత పన్ను విధానంలో ఉన్నాడు, 30 శాతం శ్లాబులో ఉన్నాడు. సెస్‌తో కలిపితే పన్ను 31.2 శాతం. చేతిలో 5 లక్షలున్నాయి. దాన్ని లోన్‌కి కట్టి, గడువు మార్చకుండా ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 4,920 రూపాయల దాకా మిగులుతుంది.

సొంతంగా ఉండే ఇంటిపై ఏడాదికి 2 లక్షల వడ్డీకే మినహాయింపు. అందరూ మరిచిపోయేది ఈ పరిమితినే. మన లెక్కలో మొదటి ఏడాది వడ్డీ 2.51 లక్షలు. పైనున్న 51 వేలకు పన్నులో పైసా కూడా రాదు. 5 లక్షలు కట్టేశాక ఆ ఏడాది వడ్డీ 2.09 లక్షలకు దిగుతుంది. అప్పటికీ అది 2 లక్షల పైనే. అంటే 42 వేల వడ్డీ తప్పింది, పన్ను ఆదా మాత్రం ఒక్క రూపాయీ తగ్గలేదు. రెండో ఏడాదీ అంతే. నష్టం మూడో ఏట రెండు వేలతో మొదలై, ఆరో ఏట సుమారు 10,200 దాకా పెరిగి, ఆపైన తగ్గుతూ వస్తుంది. పదిహేనేళ్లకు కలిపితే 75 వేలు.

కానీ ఆ 75 వేలను ఇవాళ్టి 5 లక్షల పక్కన పెట్టి పోల్చకూడదు. ఆరేళ్ల తర్వాత పోయే 10,200కు ఇవాళ విలువ తక్కువ. ఎంత తక్కువన్నది మన డబ్బు మరోచోట ఎంత సంపాదిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతం వస్తుందనుకుందాం. దాని వడ్డీ మీదా పన్ను పడుతుంది కాబట్టి చేతికి మిగిలేది 4.8 శాతమే. ఆ రేటుతో చూస్తే ఆరో ఏటి 10,200కు నేటి విలువ 7,700. ఇలా ప్రతి ఏడాదిదీ తగ్గించి కూడితే, పోయే పన్ను ఆదా మొత్తం నేటి విలువలో సుమారు 52 వేలు.

అటువైపు, మిగిలే ఈఎంఐలన్నిటినీ అదే రేటుతో నేటి విలువకు తెస్తే 6.35 లక్షలు అవుతాయి. అందులోంచి 52 వేలూ, కట్టిన 5 లక్షలూ తీసేస్తే దాదాపు 83 వేలు లాభం. ఎఫ్‌డీలో పెట్టడం కంటే లోన్ కట్టడమే మేలు.

ఎంత రాబడి వస్తే రెండూ సమానమవుతాయి? పన్ను పోను సుమారు 7.4 శాతం. 31.2 శాతం పన్ను పడే డిపాజిట్ అయితే, అంత మిగలడానికి దాదాపు 10.75 శాతం వడ్డీ ఇవ్వాలి. పన్ను లేని పీపీఎఫ్ 7.1 శాతం దగ్గర దాదాపు సరితూగుతుంది.

భార్యాభర్తలిద్దరూ యజమానులై, ఇద్దరూ లోన్‌లో భాగస్వాములై, ఇద్దరూ పాత విధానంలో 30 శాతం పన్ను కడుతుంటే కథ మారుతుంది. చెరో 2 లక్షల పరిమితి ఉంటుంది కాబట్టి 2.51 లక్షల వడ్డీ అంతటికీ మినహాయింపు వస్తుంది. పన్ను ఆదా మొదటి ఏడాది నుంచే పోతుంది. అప్పుడు ముందే కట్టడం వల్ల వచ్చే రాబడి ఇంచుమించు 6 శాతానికి పడిపోతుంది. ఎఫ్‌డీ కంటే అప్పటికీ మేలే గాని, పీపీఎఫ్‌లో ఏడాదికి పెట్టగలిగే లక్షన్నర మిగిలి ఉంటే ముందు అక్కడ పెట్టడం మంచిది. 80సీ కింద అసలుకు వచ్చే మినహాయింపు చాలామంది ఉద్యోగులకు పీఎఫ్‌తోనే నిండిపోతుంది. అందుకే దాన్ని ఇక్కడ కలపలేదు.

మీ అంకెలతో చూసుకోవాలంటే ఎక్సెల్ చాలు. మొదటి ఏడాది వడ్డీకి ఇది రాయండి:

```
=CUMIPMT(8.5%/12,180,3000000,1,12,0)
```

జవాబు మైనస్‌లో వస్తుంది, కంగారు పడకండి. రెండో ఏడాదికి 1,12 బదులు 13,24. బాకీ 25 లక్షలు పెట్టి మళ్లీ చేయండి. ఏ ఏడాది వడ్డీ అయినా 2 లక్షలు దాటితే 2 లక్షలుగానే తీసుకొని, రెండిటి తేడాను మీ పన్ను శాతంతో గుణించండి. ఈ వరుసకు NPV పెడితే పోయే ఆదా నేటి విలువ వచ్చేస్తుంది.

ఒక జాగ్రత్త. లోన్‌కి కట్టిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాకే కట్టండి. ఇక కొత్త పన్ను విధానంలోకి మారినవారికి, సొంతంగా ఉండే ఇంటి వడ్డీపై మినహాయింపే లేదు. వాళ్లు పోగొట్టుకునే పన్ను ఆదా నేటి విలువ సున్నా.