ముక్కలు తుడిచే వేళ

ఆవకాయలో ఎక్కువ సమయం పట్టేది కలపడం కాదు, ముక్కలు తుడవడం. కాయ పుల్లగా, పీచుతో, గట్టి టెంకతో ఉండాలి. ప్రతి ముక్కకూ టెంక అంటిపెట్టుకుని ఉండాలి. లేకపోతే నెల తిరక్కుండానే మెత్తబడుతుంది. కొట్టిన ముక్కల్లోంచి జీడి తీసి, టెంకకు లోపల అంటిన కాగితంలాంటి పొరను గీకి, పొడిబట్టతో ఒక్కొక్కటే తుడవాలి. తడి మిగిలితే బూజు ఖాయం. పాతిక కాయలకు ఇద్దరు కూర్చున్నా పూట గడిచిపోతుంది.

రాజమండ్రిలోని ఒక ఇంట్లో తల్లీకూతుళ్లు ఇలాగే కూర్చున్నారు. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. భర్త నుంచి విడిపోయి రెండేళ్లయింది. బంధువులు అడిగితే మాత్రం తల్లి, అల్లుడు విదేశంలో ఉన్నాడని చెబుతూ వచ్చింది. ఆ మాట కూతురి చెవిన పడింది కానీ ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఫోన్లో అయితే పెట్టేయవచ్చు, ఎదురుగా ఉంటే లేచిపోవచ్చు. ఒడి నిండా ముక్కలుంటే ఆ వీలుండదు. చూపు చేతులమీదే ఉంటుంది కాబట్టి ముఖం చూడకుండానే అడగవచ్చు.

"అమ్మా, నేనంటే నీకు సిగ్గా?" అని కూతురు అడిగింది.

తల్లి చేతిలో ముక్క తుడవడం పూర్తయ్యేదాకా పలకలేదు. "సిగ్గు కాదే. నలుగురూ నిన్ను గుచ్చి అడుగుతారని భయం. నువ్వేం చెప్పమంటావో నిన్ను అడగలేదు, అదే నా తప్పు."

ఆ రోజు మాట అంతకు మించి సాగలేదు. తర్వాతి పనికి లెక్క కావాలి మరి. ఐదు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, గుప్పెడు మెంతులు. ఆవాలు వేయించరు, ఎండబెట్టి దంచుతారు. వేయిస్తే ఘాటు పోతుంది. ముక్కలను పప్పునూనెలో ముంచి పిండిలో పొర్లించి జాడీలో వేశారు.

మూడో రోజు జాడీ విప్పి తిరగకలపాలి. ఊట ఊరిందా, ఉప్పు సరిపోయిందా తెలిసేది అప్పుడే. ఈ రెండో కూర్చోవడమే ఆ ఇంట్లో అసలు మాట చెప్పించింది. పెళ్లైన మొదటి ఏడాదే తాను పుట్టింటికి వచ్చేశానని, ఆరు నెలలకు తిరిగి పంపించేశారని తల్లి చెప్పింది. "ఉండిపోవే అని నాతో ఒక్కరూ అనలేదు. నీతో అనాలని ఉన్నా నాకూ నోరు రాలేదు" అంది. కూతురికి అంతవరకూ ఆ సంగతే తెలియదు. ఎప్పుడు, ఎందుకు అని అడుగుతూనే ఉంది, తల్లి దాచకుండా చెప్పింది.

ఉప్పు కాస్త చాల్లేదు. కళ్ళుప్పు ఎండబెట్టి దంచి కలిపారు, ముక్కలమీద తేలేంత నూనె పోసి వాసెన కట్టారు. ఆ సాయంత్రమే తల్లి తన చెల్లెలికి ఫోన్ చేసి, కూతుర్ని పక్కనే కూర్చోబెట్టుకుని, అల్లుడి విషయం ఉన్నదున్నట్టు చెప్పింది.