తొందర లేని సూర్యుడు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం చేరాడు. చంద్రుడు సూర్యబింబాన్ని కప్పినప్పుడు అంచుల్లో ఎర్రగా ఎగసే జ్వాలల వెలుతురును వాళ్లు గాజు పట్టకాల గుండా విడదీసి చూశారు. ఆ గ్రహణంలో చాలామందికి పసుపు రంగు గీత ఒకటి కనిపించింది. ఉప్పులో ఉండే సోడియం గీత అనుకున్నారు. అది సోడియం గీత ఉండాల్సిన చోట సరిగ్గా లేదని పోగ్సన్‌కు అనుమానం వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను మళ్లీ పరిశీలించాడు. చివరకు అది భూమ్మీద అప్పటికి ఎవరూ ఎరగని మూలకానిదని తేల్చి, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. భూమ్మీద హీలియం 1895లో గాని దొరకలేదు.

సూర్యుడు ఎలా వెలుగుతున్నాడన్న ప్రశ్నకు జవాబు ఆ మూలకంలోనే ఉంది. కానీ ఆ రోజుల్లో పండితులు వేరే లెక్కల్లో తలమునకలై ఉన్నారు. సూర్యుడంతటి బొగ్గుకుప్పను ఇదే జోరున తగలబెడితే కొన్ని వేల ఏళ్లలో బూడిదవుతుంది. అందుకని కెల్విన్ గురుత్వాకర్షణను ఆశ్రయించాడు. సూర్యుడు తన బరువుకు తానే కుంగుతూ, ఆ కుంగుబాటులో పుట్టిన వేడితో వెలుగుతున్నాడన్నాడు. అలాగైతే సూర్యుడు 10 కోట్ల ఏళ్లకు మించి వెలిగి ఉండకపోవచ్చని 1862లో రాశాడు. రాతిపొరలు కోసుకుపోవడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టిన డార్విన్‌కేమో ఒక్క లోయకే 30 కోట్ల ఏళ్లు కావలసి వచ్చింది. కెల్విన్ లెక్కలో తప్పు లేదు. ఇంకో ఇంధనం ఉందని ఆయనకు తెలియదు, అంతే.

1920లో ఆస్టన్ అణువుల బరువులు చాలా నిక్కచ్చిగా తూచి ఒక తేడా పట్టుకున్నాడు. నాలుగు హైడ్రోజన్ల బరువు కన్నా ఒక హీలియం బరువు కాస్త తక్కువ. ఇప్పటి కొలతల ప్రకారం ఆ తరుగు నూటికి 0.7 వంతు. ఆ ఏడాదే ఎడింగ్టన్, సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారుతుంటే ఆ తరిగిన బరువే వెలుతురై వస్తుందని సూచించాడు. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం కొద్దిపాటి బరువు కూడా బోలెడంత శక్తి. సూర్యుడు ఇప్పుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్నాడు. అందులో 42 లక్షల టన్నులు వెలుతురుగా వెళ్లిపోతున్నాయి.

సెకనుకు 60 కోట్ల టన్నులంటే ఎంత భీకరమైన కొలిమో అనిపిస్తుంది. నిజం దానికి పూర్తిగా విరుద్ధం. సూర్యుడి నడిబొడ్డున ఒక ఘనమీటరు పదార్థంలో పుట్టే శక్తి 300 వాట్లకు లోపే. అంతే ఘనపరిమాణం చొప్పున చూస్తే మన ఒంట్లో పుట్టే వేడి దీనికి నాలుగైదు రెట్లు ఎక్కువ! సూర్యుడు అంతగా ప్రకాశించడానికి కారణం కొలిమి తీవ్రత కాదు, దాని పరిమాణం. వందల కోట్ల ఏళ్లు నిలవడానికి కారణం ఈ నింపాదితనమే.

ఇంత నింపాది ఎందుకో తెలియాలంటే అక్కడ ఒక ప్రోటాన్ వెంట వెళ్లాలి. ప్రోటాన్ అంటే హైడ్రోజన్ కేంద్రకం. సూర్యగర్భంలో వేడి కోటిన్నర డిగ్రీలు, పదార్థం నీటికి 150 రెట్లు చిక్కన. ప్రోటాన్లు ఎడతెరిపి లేకుండా ఒకదాని మీదికి ఒకటి దూసుకొస్తుంటాయి. అన్నిటిదీ ధనావేశమే కనుక దగ్గరయ్యేలోపే తోసుకుని పక్కకు పోతాయి. ఆ వికర్షణను దాటి తాకడానికి కావలసిన శక్తిలో సగటు ప్రోటాన్‌కు ఉన్నది దాదాపు వెయ్యో వంతు. పాత భౌతికశాస్త్రం ప్రకారం సూర్యుడు వెలగనే కూడదు. 1928లో గామోవ్ చూపించిన క్వాంటం చిత్రం ఇక్కడ ఆదుకుంది. అతి చిన్న కణాలు ఎక్కలేని గోడకు అవతలి పక్క అప్పుడప్పుడు తేలుతాయి. మరుసటి ఏడాదే అట్కిన్సన్, హౌటర్మన్స్ ఈ సంగతిని నక్షత్రాలకు వర్తింపజేశారు.

గోడ దాటినంత మాత్రాన పని అయిపోదు. రెండు ప్రోటాన్లు కలిసి నిలవలేవు, వెంటనే విడిపోతాయి. అవి తాకి ఉన్న ఆ లిప్తకాలంలోనే ఒకటి న్యూట్రాన్‌గా మారితేనే జంట నిలుస్తుంది. ఆ మార్పు తెచ్చే బలం ఎంత దుర్బలమంటే, సూర్యగర్భంలో ఒక ప్రోటాన్ ఈ మొదటి మెట్టు ఎక్కడానికి సగటున 900 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ జంట, అంటే డ్యుటీరియం, మరో ప్రోటాన్‌ను కలుపుకోవడానికి మాత్రం కొన్ని సెకన్లు చాలు. అలా తయారైన తేలికపాటి హీలియం కేంద్రకాలు రెండు ఢీకొన్నప్పుడు మామూలు హీలియం ఒకటి ఏర్పడి రెండు ప్రోటాన్లు మళ్లీ బయటపడతాయి. ఈ మెట్ల వరుసను 1938లో బేతే, క్రిచ్‌ఫీల్డ్ లెక్కగట్టారు. హైడ్రోజన్ బాంబులో మండేది మామూలు హైడ్రోజన్ కాదు, దాని బరువైన రూపాలు. వాటికి ఈ మొదటి మెట్టుతో పనే లేదు. అందుకే బాంబు లిప్తలో పేలుతుంది, సూర్యుడు పేలడు.

పేలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏదో కారణాన గర్భంలో ఫ్యూజన్ కాస్త జోరందుకుందనుకోండి. వేడి పెరిగి ఒత్తిడి పెరుగుతుంది, గర్భం ఉబ్బుతుంది. ఉబ్బితే చల్లబడి, పలచబడి, ఫ్యూజన్ మందగిస్తుంది. మందగిస్తే పైబరువు నొక్కి మళ్లీ వేడెక్కిస్తుంది.

ఇదంతా కాగితం మీది ఊహ కాదా అంటే, సాక్ష్యం ఉంది. మొదటి మెట్టులో న్యూట్రినో అనే కణం పుడుతుంది. గర్భంలోని వెలుతురు తడబడుతూ పైకి రావడానికి వేల ఏళ్లు పడితే న్యూట్రినో రెండు మూడు సెకన్లలో బయటపడి, ఎనిమిది నిమిషాల చిల్లరలో మనల్ని చేరుతుంది. రే డేవిస్ అమెరికాలోని హోమ్‌స్టేక్ బంగారు గని అడుగున, బట్టల డ్రైక్లీనింగ్‌కు వాడే ద్రవంతో పెద్ద ట్యాంకు నింపి, 1960ల చివరి నుంచి సూర్యుడి న్యూట్రినోలను లెక్కపెట్టాడు. లెక్క ప్రకారం రావలసినవాటిలో మూడో వంతే దొరికాయి. దాదాపు మూడు దశాబ్దాలు సూర్యుడి లెక్క తప్పా, ప్రయోగం తప్పా అని వాదించుకున్నారు. రెండూ సరైనవేనని 2001–02లో కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం తేల్చింది. న్యూట్రినోలు దారిలో రకం మారుతున్నాయి, డేవిస్ ట్యాంకు ఒక్క రకాన్నే పట్టింది. అన్ని రకాలనూ కలిపి చూస్తే సంఖ్య సరిపోయింది.

ఇక ఇంధనం ఎంతకాలం వస్తుందో చూద్దాం. సూర్యుడి బరువులో సుమారు పదో వంతు మాత్రమే ఫ్యూజన్ జరిగేంత వేడిగా ఉండే లోపలి భాగానికి చెందుతుంది. రెండు పక్కన 26 సున్నాలు పెడితే వచ్చేన్ని టన్నులవి. దాన్ని సెకనుకు 60 కోట్ల టన్నుల లెక్కన భాగిస్తే సుమారు 1,000 కోట్ల ఏళ్లు. ఇప్పటికి గడిచినవి 460 కోట్లు. గర్భంలో తయారైన హీలియం అక్కడే పేరుకుంటుంది, పైపొరలతో కలవదు. 1868లో గ్రహణంలో కనిపించిన హీలియం సూర్యుడు పుట్టినప్పుడే మబ్బులో ఉన్నది, ఈ కొలిమి బూడిద కాదు.

అలా పేరుకోవడం వల్ల ఒక చిక్కు ఉంది. నాలుగు కణాల చోట ఒక్కటే మిగులుతుంటే ఒత్తిడి తగ్గాలి. ఆ లోటు పూడ్చుకోవడానికి గర్భం కొంచెం కుంగి, కొంచెం వేడెక్కి, కొంచెం జోరుగా పనిచేస్తుంది. అందుకే పుట్టినప్పటి సూర్యుడు ఇప్పటి వెలుగులో 70 శాతమే ఇచ్చేవాడు, ఇకపై కూడా పెరుగుతూనే ఉంటాడు. హైడ్రోజన్ మరో 500 కోట్ల ఏళ్లకు సరిపోతుంది గాని, భూమికి అంత వ్యవధి లేదు. 100 కోట్ల ఏళ్ల తర్వాత సూర్యుడు దాదాపు పది శాతం ఎక్కువ ప్రకాశిస్తాడు. సముద్రాలు ఆవిరై పోవడం మొదలుకావడానికి ఆ పెరుగుదల చాలునని లెక్కలు చెబుతున్నాయి.