రాత్రి ఎనిమిదికి కౌంటర్లో ఎవరున్నారు?

మా బాబాయికి గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో మందుల షాపు ఉంది. చుట్టూ నాలుగైదు ఆసుపత్రులు. పొద్దున ఏడుకి షట్టరు ఎత్తితే రాత్రి పదకొండుకి దించుతారు. ఆరుగురు పనివాళ్లు. మనిషికి వారానికి ఒక సెలవు. డ్యూటీ చార్టు ఆయనే స్వయంగా గీసి, బిల్లింగు బల్ల పక్కన గోడకు అంటిస్తాడు. అయినా మంగళవారం వచ్చిందంటే రాత్రి ఎనిమిదింటికి జనం చీటీలు పట్టుకుని కౌంటరు ముందు మూగేవాళ్లు, లోపల డిగ్రీ చదివే కుర్రాడు ఒక్కడే చెమటలు కక్కేవాడు.

"ఐదుగురు డ్యూటీలో ఉన్నార్రా అబ్బాయ్. ఆ టైముకి అందరూ ఎక్కడికి పోతున్నారో అర్థం కావట్లేదు" అన్నాడు బాబాయి.

చార్టు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. అందులో ఒక్క మనిషి పేరు కూడా తప్పుగా లేదు. కాకపోతే ఆ చార్టు చెప్పేది ఎవరు ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి వెళతారు అన్నంతవరకే. ఫలానా గంటలో కౌంటరు వెనక ఎంతమంది నిలబడి ఉంటారన్నది అందులో ఎక్కడా లేదు. అది తెలియాలంటే చార్టును అడ్డం తిప్పి చదవాలి, మనిషి వారీగా కాకుండా గంట వారీగా.

ముందు ఏ గంటకు ఎంతమంది కావాలో తేల్చుకోవాలి. దీనికి ఊహలు అక్కర్లేదు, బిల్లింగు సాఫ్ట్‌వేరులో ప్రతి బిల్లు మీదా టైము ఉంటుంది. రెండు వారాల బిల్లులు గంటల వారీగా లెక్కపెట్టాం. చీటీ చదివి, అరలోంచి మందు తీసి, ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, బిల్లు కొట్టడానికి ఆ షాపులో ఒక మనిషికి సగటున నాలుగు నిమిషాలు పడుతోంది. అంటే గంటకు పదిహేను బిల్లులు. పొద్దున పది నుంచి ఒంటి గంట దాకా ఓపీ టైము. అప్పుడు గంటకు నలభై దాకా బిల్లులు పడుతున్నాయి కాబట్టి ముగ్గురు కావాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కూడా అంతే. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు ఒక్కరు చాలు. మిగతా గంటలన్నిటికీ ఇద్దరు. రాత్రి తొమ్మిది దాటాక బిల్లులు పది పన్నెండుకు మించవు, ఆ లెక్కన ఒక్కరు సరిపోతారు. కానీ గల్లా పెట్టె దగ్గర ఒక్క మనిషిని వదిలేసి ఆ వేళప్పుడు షాపు నడపకూడదని బాబాయి పట్టుపట్టాడు. ఆయన చెప్పింది నిజమే. కావలసిన మనుషుల లెక్క బిల్లుల నుంచి మొదలవుతుంది గానీ బిల్లులతోనే తేలిపోదు.

ఈ అంకెలన్నీ కూడితే రోజుకు 36 గంటల పని. వారానికి 252. షాపుల చట్టం ప్రకారం మనిషికి వారానికి 48 గంటలు. 252ని 48తో భాగిస్తే ఐదు దాటి పావు వస్తుంది, అంటే ఆరుగురు కావాలి. ఉన్నదీ ఆరుగురే. కాబట్టి మనుషులు చాలకపోవడం కాదు సమస్య.

తర్వాత ఎవరు ఎప్పుడు రాగలరో రాసుకోవాలి. "నీకు ఏ టైము వీలు?" అని అడిగితే మొహమాటానికి అందరూ "ఎప్పుడైనా పర్లేదు సార్" అంటారు. ఆ మాట నమ్మి చార్టు వేస్తే రెండో వారానికే ఫోన్లు మొదలవుతాయి. అందుకని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, "ఏ గంటల్లో నువ్వు రానే రాలేవు? ఏ గంటల్లో రాగలవు గానీ కష్టం?" అని రెండు ప్రశ్నలు వేరువేరుగా అడిగాం. రాలేని గంట దగ్గర సున్నా, కష్టమైన గంట దగ్గర ప్రశ్నార్థకం, వీలైన గంట దగ్గర ఒకటి వేశాం. సున్నా జోలికి పోకూడదు. ప్రశ్నార్థకం ఉన్నచోట మాట్లాడుకోవచ్చు.

పెద్ద ఫార్మసిస్టు గారు పొద్దున ఏడుకే వస్తారు గానీ సాయంత్రం నాలుగు దాటాక ఉండలేరు. చిన్న ఫార్మసిస్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి మూసేదాకా ఉంటాడు. కౌంటర్లో పనిచేసే ఆవిడ పిల్లల్ని బడికి పంపి తొమ్మిదికి వస్తుంది, వాళ్లు ఇంటికొచ్చే వేళకి, నాలుగుకి, వెళ్లిపోవాలి. డిగ్రీ కుర్రాడు కాలేజీ అయ్యాక మూడుకి వస్తాడు. పక్క ఊరి నుంచి వచ్చే ఆయనకు ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు, కాబట్టి ఆయనకు ఎనిమిది దగ్గరే గీత గీయాలి. బస్సు టైముని డ్యూటీ టైము అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆరోవాడు షాపు పైన గదిలోనే ఉంటాడు, ఏ టైమైనా వీలే.

మంగళవారం పక్క ఊరి ఆయనకు సెలవు. మిగిలిన ఐదుగురితో బాబాయి వేసిన చార్టు ఇది: పెద్ద ఫార్మసిస్టు ఏడు నుంచి నాలుగు, ఆవిడ తొమ్మిది నుంచి నాలుగు, పైగది కుర్రాడు పది నుంచి ఏడు, చిన్న ఫార్మసిస్టు రెండు నుంచి పదకొండు, డిగ్రీ కుర్రాడు మూడు నుంచి పదకొండు. కాగితం మీద కళకళలాడుతోంది. భోజనం గంటలు మాత్రం ఎక్కడా లేవు. అవి ఎవరికి వాళ్లు మాట్లాడుకుని తీసుకుంటున్నారు: పెద్దాయన ఒంటిగంటకు, ఆవిడా పైగది కుర్రాడూ రెండుకి, చిన్న ఫార్మసిస్టు ఎనిమిదికి, డిగ్రీ కుర్రాడు తొమ్మిదికి.

ఇదంతా కంప్యూటర్లో ఎక్సెల్ షీటులో వేశాం. B గడిలో వచ్చే గంట, C లో వెళ్లే గంట, D లో భోజనానికి లేచే గంట, అన్నీ ఇరవై నాలుగు గంటల పద్ధతిలో. పక్కన F వరసలో 7 నుంచి 22 దాకా గంటలు, G లో ఆ గంటకు కావలసిన మనుషులు. H2 లో ఈ సూత్రం రాసి కిందికి లాగాం:

```
=COUNTIFS($B$2:$B$7,"<="&F2,$C$2:$C$7,">"&F2)-COUNTIF($D$2:$D$7,F2)
```

ఆ గంటకు ముందే వచ్చి, లేదా సరిగ్గా ఆ గంటకే వచ్చి, అది దాటాకే వెళ్లేవాళ్లను ఇది లెక్కపెడుతుంది, అందులోంచి భోజనానికి లేచినవాళ్లను తీసేస్తుంది. C దగ్గర ఉన్న గుర్తు జాగ్రత్తగా చూడండి. అక్కడ `>=` అని రాస్తే నాలుగింటికి ఇంటికి వెళ్లిపోయిన మనిషిని నాలుగు నుంచి ఐదు దాకా కౌంటర్లోనే ఉన్నట్టు చూపిస్తుంది. షిఫ్టు మారే ప్రతి గంటలోనూ లేని మనిషి ఉన్నట్టు కనిపిస్తాడు, లోటు దాక్కుంటుంది. I గడిలో `=H2-G2` పెట్టి, సున్నా కంటే తక్కువైతే ఎర్రగా కనిపించేలా చేశాం.

మూడు గడులు ఎర్రబడ్డాయి. రాత్రి ఏడు గంటలకు ముగ్గురు కావాల్సిన చోట ఇద్దరు. ఎనిమిదికి ముగ్గురి చోట ఒక్కడు. తొమ్మిదికి ఇద్దరి చోట ఒక్కడు. మొత్తం నాలుగు గంటల లోటు. అదే రోజు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఇద్దరు చాలిన చోట ఐదుగురు ఉన్నారు. నాలుగుకీ ఐదుకీ కూడా ఒక్కొక్కరు ఎక్కువే. భోజనాలు పోను ఐదుగురూ చేస్తున్నది 37 గంటలు, కావలసింది 36. మొత్తం చూస్తే ఒక గంట మిగులు, గంట గంటకూ చూస్తే నాలుగు గంటల లోటు. బాబాయి ఆ షీటు వైపు చాలాసేపు చూశాడు.

లోటు ఒక్కటే కాదు, ఇంకొకటి బయటపడింది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందులు రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. అంటే తలలు లెక్కపెడితే చాలదు, ప్రతి గంటలోనూ ఆ తలల్లో ఒకటి ఫార్మసిస్టుది కావాలి. ఇద్దరు ఫార్మసిస్టుల వరసలు మాత్రమే తీసుకుని అదే సూత్రంతో రెండో లెక్క వేస్తే, ఒంటిగంటకూ రాత్రి ఎనిమిదికీ సున్నాలు వచ్చాయి. ఒంటిగంటకు కౌంటర్లో ఇద్దరున్నారు, మొదటి లెక్క ప్రకారం ఏ లోటూ లేదు. కానీ ఆ ఇద్దరిలో ఫార్మసిస్టు లేడు. ఆసుపత్రిలో నర్సులకు చార్టు వేసినా, హోటల్లో వంటవాళ్లకు వేసినా ఈ రెండో లెక్క విడిగా వేసుకోవాల్సిందే.

సర్దుబాటు మాత్రం కంప్యూటరు చేసేది కాదు. పైగది కుర్రాణ్ణి అడిగాం. "పది నుంచి రెండు దాకా చేసి, పైకెళ్లి పడుకుని, మళ్లీ ఆరు నుంచి పది దాకా చేస్తావా?" మెట్లెక్కితే గది కాబట్టి ఒప్పుకున్నాడు. అయితే ఇలా ముక్కలు చేసిన డ్యూటీ వారంలో రెండు రోజులకు మించి వద్దన్నాడు. న్యాయమైన కోరిక, ఊళ్లోంచి వచ్చే మనిషినైతే అసలు అడగకూడని మాట. షీటులో అతనికి రెండు వరసలు ఇచ్చాం, సూత్రం ఏడో వరస దాకా పెట్టింది అందుకే. చిన్న ఫార్మసిస్టు తన విరామం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదుకి జరుపుకున్నాడు. తొమ్మిదింటికి కాస్త టిఫిన్ తిని, అన్నం ఇంటికెళ్లి తింటానన్నాడు.

మళ్లీ లెక్క వేస్తే రాత్రి గడులన్నీ సరిపోయాయి. ఆరు, ఏడు, ఎనిమిదికి ముగ్గురు, తొమ్మిదికీ పదికీ ఇద్దరు. ఐదుకి మాత్రం ఒక్కడు మిగిలాడు, అతనూ ఫార్మసిస్టు కాదు. బాబాయి డి.ఫార్మ్ చదివి రిజిస్టరైన మనిషే. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు, సాయంత్రం ఐదు నుంచి ఆరు, ఈ రెండు గంటలూ ఆయనే కౌంటర్లో కూర్చోవాలని తేలింది. ఇన్నాళ్లూ పొద్దుట్నుంచి రాత్రి దాకా అక్కడే తిరుగుతున్నాడు గానీ, ఒంటిగంటకు మాత్రం అన్నానికి ఇంటికి వెళ్లేవాడు.

మూడు నుంచి నాలుగు దాకా ఇంకా ఇద్దరు ఎక్కువే ఉన్నారు. దాన్ని అలాగే వదిలేశాం. హోల్‌సేలు నుంచి డబ్బాలు వచ్చేదీ, గడువు దాటుతున్న మందులు ఏరి పక్కన పెట్టేదీ ఆ గంటలోనే. పైగా పెద్దాయన వెళుతూ వెళుతూ ఎవరి మందు బాకీ ఉందో, ఏ ఇంజక్షను ఫ్రిజ్‌లో పెట్టారో అప్పజెప్పాలి. సరిగ్గా గంట కొట్టగానే ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చేలా వేసిన చార్టులో ఆ అప్పగింతకు చోటే ఉండదు, షీటులో మాత్రం లోటు కనిపించదు. అరగంట దగ్గర షిఫ్టులు మారే చోటైతే గంటల గడులు కాకుండా అరగంట గడులు వేసుకోవాలి, లేకపోతే సగం గంట ఖాళీ కూడా ఇలాగే కనపడకుండా పోతుంది.

ఇది ఒక్క మంగళవారం సంగతి. ఏడు రోజులకూ ఏడు షీట్లు వేయాలి, ఎందుకంటే రోజుకొకరు లేనప్పుడు లోటు వేరే గంటలోకి జరుగుతుంది. ఆరుగురికి ఆరు రోజుల్లో సెలవులు ఇచ్చి, అందరూ ఉండే ఏడో రోజు సోమవారం అయ్యేలా చూశాం, ఓపీ ఎక్కువ ఆ రోజే. పెద్దాయన సెలవు రోజున పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఫార్మసిస్టు గడి ఖాళీ. ఎంత అటూ ఇటూ తిప్పినా అది నిండలేదు. ఆ ఏడు గంటలూ బాబాయే కూర్చోవాలి, లేదా మూడో ఫార్మసిస్టును పెట్టుకోవాలి. ప్రస్తుతం బాబాయే కూర్చుంటున్నాడు. మూడో మనిషి కోసం చూస్తున్నాడు, పూర్తి డ్యూటీకి కాదు, వారానికి ఒక్క పూటకి.

చార్టు కొత్తగా అంటించి నెలయింది. భోజనం గంటలు ఇప్పుడు అందులో పేర్ల పక్కనే ఉన్నాయి. మంగళవారం రాత్రి ఎనిమిదికి కౌంటర్లో ముగ్గురుంటున్నారు.