ఒక్కో గ్రూపుకు ఎంతమంది? ఆ అంకెకు లెక్క ఏది?

పీజీ వైద్య విద్యార్థుల థీసిస్‌లు తిరగేస్తే, పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం తరచూ తగులుతుంది: ‘శాంపిల్ సైజు ఒక్కో గ్రూపుకు 30 మంది.’ ఎందుకు 30? ఇరవై ఎందుకు కాదు, నూట యాభై ఎందుకు కాదు? దానికి జవాబు ఉండదు. చాలాసార్లు అసలు కారణం ఒక్కటే, పోయిన బ్యాచ్ సీనియర్ థీసిస్‌లోనూ అదే అంకె ఉంది. కానీ ఆ అధ్యయనం ఏం చూడగలదో, ఏం చూడలేదో చాలామటుకు ఆ అంకెలోనే తేలిపోతుంది. రోగుల సమయం, రక్తం, నమ్మకం తీసుకుని చేసే పనికి ఆ లెక్క చూపించడం కనీస బాధ్యత.

ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. ఇందులో ఆసుపత్రి, దాని అంకెలు ఊహించినవే గానీ లెక్క అసలైనదే. ఒక పీజీ విద్యార్థిని బీపీ రోగులను రెండు గ్రూపులుగా లాటరీ పద్ధతిలో విడదీస్తుంది. ఒక గ్రూపుకు మామూలు చికిత్స. రెండో గ్రూపుకు దాంతోపాటు మాత్రలు వేసుకున్నారా అని వారానికోసారి ఫోన్. మూడు నెలల తర్వాత పై బీపీ సగటు ఎంత తేడాగా ఉందో చూడాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఎంత తేడా వస్తే లెక్కలోకి తీసుకుంటాం అన్నది. అందరూ తొందరపడేది ఇక్కడే. పదిమందితో చిన్న ట్రయల్ చేసి, అందులో వచ్చిన తేడాను ఎత్తి లెక్కలో పెడతారు. పదిమందిలో వచ్చిన తేడా ఇవాళ 9 ఉంటే, ఇంకో పదిమందిని చూస్తే 1 రావచ్చు. అలాంటి అంకె మీద థీసిస్ కట్టకూడదు. ఎంత తగ్గితే రోగికి నిజంగా మేలు జరుగుతుందో అదే అడగాలి. దానికి ఆధారం ఉంది. బీపీ చికిత్సలపై జరిగిన ట్రయల్స్ సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణ 2021లో లాన్సెట్‌లో వచ్చింది. పై బీపీ 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు 10 శాతం తగ్గుతాయని అది చూపించింది. కాబట్టి మన విద్యార్థిని 5 పాయింట్ల తేడాను ఎంచుకుంటుంది.

రెండోది, మనిషికీ మనిషికీ బీపీలో ఉండే హెచ్చుతగ్గులు, అంటే స్టాండర్డ్ డీవియేషన్. దీన్ని వేరే దేశపు పేపర్లోంచి ఎత్తుకోవడం కన్నా తమ ఓపీ రికార్డుల్లోంచి తీయడం మేలు. ఇక్కడ అది 15 వచ్చిందనుకుందాం.

ఇక పవర్. నిజంగా 5 పాయింట్ల తేడా ఉంటే, దాన్ని మన అధ్యయనం పట్టుకునే అవకాశం ఎంత అన్నదే పవర్. 80 శాతం పెట్టుకుంటే, అలాంటి అధ్యయనాలు అయిదు చేస్తే ఒకటి ఉన్న తేడాను కూడా చూడలేక ‘ఏమీ లేదు’ అని తేల్చేస్తుందన్నమాట. లేని తేడాను ఉందనుకునే పొరపాటుకు మామూలుగా 5 శాతం హద్దు పెడతారు. ఈ రెండు హద్దుల నుంచే కింది సూత్రంలోని 1.96, 0.84 వస్తాయి.

```
n = 2 × (1.96 + 0.84)² × 15² ÷ 5² = 141.1
```

అంటే గ్రూపుకు 142 మంది. మధ్యలో రావడం మానేసేవాళ్లు 15 శాతం ఉంటారనుకుంటే 142ని 0.85తో భాగించాలి. 142కి 15 శాతం కలపడం తరచూ చేసే పొరపాటు, అలా చేస్తే చివరికి మనుషులు తక్కువ పడతారు. భాగిస్తే గ్రూపుకు 168, మొత్తం 336 మంది.

ఇప్పుడు ఆసుపత్రి గుమ్మం దగ్గరికి వద్దాం. ఓపీకి నెలకు కొత్త బీపీ రోగులు 40 మంది వస్తారు. కిడ్నీ జబ్బులు, గర్భం, ఫోన్ లేకపోవడం వంటి కారణాలతో సగం మంది పనికిరారు. మిగిలిన 20 మందిలో 12 మంది సంతకం పెడతారు. ఏడాదికి 144 మంది. కావాల్సింది 336.

లెక్కను వెనక నుంచి నడపాలనే ఆశ పుట్టేది ఈ చోటే. 144 మందిలో మానేసేవాళ్లు పోగా గ్రూపుకు 61 మంది మిగులుతారు. 61 మందికి సరిపోయే తేడా ఎంతో చూస్తే 7.6 పాయింట్లు వస్తుంది. దాంతో ‘మేము 7.6 పాయింట్ల తేడాను ఆశిస్తున్నాం’ అని రాసేస్తారు. షుల్జ్, గ్రైమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ఈ అలవాటుకు ‘శాంపిల్ సైజ్ సాంబా’ అని పేరు పెట్టారు. కాగితం మీద పవర్ 80 శాతంగానే కనిపిస్తుంది. కానీ వారానికో ఫోన్‌తో బీపీ అంత తగ్గుతుందని నమ్మడానికి ఆధారం ఏది? నిజమైన తేడా 5 అయితే ఆ 61 మందితో దాన్ని పట్టుకునే అవకాశం 45 శాతమే. తర్వాత తేడా కనబడలేదని, ఫోన్ వల్ల లాభం లేదని థీసిస్‌లో రాస్తారు. ఫోన్ పనిచేసే ఉండవచ్చు, చూసేంత శక్తి అధ్యయనానికి లేకపోయింది. ఇది పాత జబ్బే. ‘తేడా లేదు’ అని తేల్చిన 71 ట్రయల్స్‌ను ఫ్రైమన్ బృందం 1978లో పరిశీలిస్తే, వాటిలో 50 ట్రయల్స్‌కు చికిత్స ఫలితంలో నిజంగా 50 శాతం మెరుగు ఉన్నా దాన్ని వదిలేసే ముప్పు 10 శాతం కన్నా ఎక్కువే ఉందని తేలింది.

మరి ఏం చేయాలి? తేడాను పెంచి రాయడం తప్ప వేరే దారులు ఉన్నాయి. మొదటి రోజు బీపీ ఎక్కువున్న మనిషికి మూడు నెలల తర్వాతా కొంత ఎక్కువే ఉంటుంది. ఆ మొదటి రీడింగును విశ్లేషణలో లెక్కలోకి తీసుకుంటే హెచ్చుతగ్గుల్లో కొంత భాగం తీసేసినట్టే. రెండు రీడింగుల మధ్య కోరిలేషన్ 0.6 ఉంటే 142ను 0.64తో గుణించవచ్చు. 91 సరిపోతుంది. మానేసేవాళ్లతో కలిపి గ్రూపుకు 108, మొత్తం 216. అయినా ఒక్క ఆసుపత్రిలో ఏడాదిన్నర పడుతుంది. మూడేళ్ల కోర్సులో ఎథిక్స్ కమిటీ అనుమతికి, మూడు నెలల ఫాలోఅప్‌కు, రాతకు సమయం పోను అది ఇరుకే. నెలకు ఆరుగురిని ఇచ్చే రెండో ఆసుపత్రిని కలుపుకుంటే ఏడాదిలో పూర్తవుతుంది.

ఇప్పుడు పద్ధతుల పేరా ఇలా రాయవచ్చు:

‘మూడు నెలల తర్వాత పై బీపీ సగటులో 5 పాయింట్ల తేడాను కనిపెట్టడం లక్ష్యం. అంత తగ్గినా గుండెజబ్బుల ముప్పు తగ్గుతుందని ఇదివరకటి విశ్లేషణలు చూపాయి. మా ఓపీ రికార్డుల ప్రకారం స్టాండర్డ్ డీవియేషన్ 15, మొదటి, చివరి రీడింగుల కోరిలేషన్ 0.6. 80 శాతం పవర్, రెండువైపుల 5 శాతం హద్దుతో, మొదటి బీపీకి సర్దుబాటు చేసే విశ్లేషణకు గ్రూపుకు 91 మంది కావాలి. 15 శాతం మంది మానేస్తారన్న అంచనాతో 108 చొప్పున 216 మందిని తీసుకుంటాం. రెండు ఆసుపత్రుల్లో నెలకు 18 మంది చొప్పున 12 నెలలు పడుతుంది. స్టాండర్డ్ డీవియేషన్ 18 అయితే పవర్ 65 శాతానికి పడిపోతుంది.’

ఆ చివరి వాక్యం రాయడానికి చాలామంది జంకుతారు. నా దృష్టిలో పేరా మొత్తంలో విలువైనది అదే. రెండో ఆసుపత్రి దొరకకపోతే కూడా ఇదే దారి: ఉన్న రోగులతో ఎంత తేడా వరకు పట్టుకోగలమో తేటగా చెప్పి, అంతకన్నా చిన్న తేడాపై ఈ అధ్యయనం తీర్పు చెప్పలేదని రాయాలి. అధ్యయనం అయ్యాక, వచ్చిన ఫలితంతోనే మళ్లీ పవర్ లెక్కగట్టడం మాత్రం వద్దు. అది పీ-వాల్యూ చెప్పిన మాటనే ఇంకో అంకెలో చెబుతుంది.

గైడ్లకు, ఎగ్జామినర్లకు ఒక విన్నపం. థీసిస్ చేతికి వచ్చినప్పుడు కాలిక్యులేటర్ తీసుకుని ఈ ఒక్క పేరాను లెక్కేసి చూడండి. అంకె తిరిగి రాకపోయినా, ఆశించిన తేడా ఎక్కడిదో రాయకపోయినా దిద్దమని వెనక్కి పంపండి. ఆ పని ప్రోటోకాల్ దశలోనే, మొదటి రోగి సంతకం పెట్టకముందే జరిగితే మరీ మంచిది.